చివరి మాట మొదటి మాటని అందుకుంటే

రీల్ అయిపోయాక చూసేవాళ్లు ఏ బటనూ నొక్కరు. నొక్కకపోయినా అది మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లోనూ యూట్యూబ్ షార్ట్స్‌లోనూ పద్ధతి ఇదే. వేలితో పైకి తోస్తేనే తరవాతి వీడియో వస్తుంది, లేకపోతే ఉన్నదే తిరుగుతూ ఉంటుంది. అంటే ప్రతి వీడియోకీ చివరి మాటకీ, మళ్లీ వినిపించే మొదటి మాటకీ మధ్య ఒక అతుకు ఉంది. అక్కడ వేలు కదులుతుందా, ఆగుతుందా అన్నది క్షణంలో తేలిపోతుంది. “మరో వీడియోతో మళ్లీ కలుద్దాం” అని వినబడితే కదులుతుంది, అయిపోయిందని మనమే చెప్పేశాం కాబట్టి. వాక్యం ఇంకా నడుస్తుండగా మొదటి దృశ్యం వచ్చేస్తే మాత్రం, ఆ వాక్యం ఎక్కడికి పోతుందో వినేదాకా వేలు ఆగుతుంది. ఈలోపు వీడియో రెండో చుట్టు మొదలైపోయి ఉంటుంది.

దీన్నే వీడియోలు చేసేవాళ్లు లూప్ అంటున్నారు. ఈ అలవాటు వైన్ అనే యాప్ రోజుల్లోనే బలపడింది. 2013 జనవరిలో వచ్చిన ఆ యాప్‌లో వీడియో నిడివి ఆరు సెకన్లు, ఎవరూ ఆపకపోతే అది తిరుగుతూనే ఉండేది. 2014లో ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్కని కూడా చూపించడం మొదలుపెట్టారు. ఆ అంకె కంటికి కనబడ్డాక, అతుకు తెలియకుండా కలపడం ఒక విద్య అయింది. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. ఆ జూలైలో రీల్స్, సెప్టెంబరులో షార్ట్స్ వచ్చాయి. ఇవాళ తెలుగులో వంట చెప్పేవాళ్లు, పొలం పనులు చూపించేవాళ్లు, కథలు చెప్పేవాళ్లు చాలామంది వీటిలోనే ఉన్నారు. కానీ అతుకు దగ్గర శ్రద్ధ పెట్టినవి తక్కువే కనబడుతున్నాయి. చాలా వీడియోలు నమస్కారంతో మొదలై నమస్కారంతో ముగుస్తాయి.

అలాగని ఈ కలపడం మనకి కొత్త కాదు. త్యాగరాజ కీర్తన పాడేవాళ్లు చరణం అయ్యాక మళ్లీ పల్లవి ఎత్తుకుంటారు. చాలా కీర్తనల్లో చరణం చివరి మాటకి పల్లవి మొదటి మాటతో అన్వయం కుదురుతుంది. చరణంలో చెప్పిన కారణం వెళ్లి పల్లవిలోని ప్రశ్నకో మొరకో ఆనుకుంటుంది. పల్లవి మాత్రం మొదటిసారి పాడినప్పుడు ఏ చరణం ఆసరా లేకుండానే నిలబడింది. లూప్‌కి కూడా మూలసూత్రం ఇదే. మొదటి వాక్యం రెండు పనులు చెయ్యాలి. వీడియో అప్పుడే తెరిచినవాళ్లకి అది దానంతట అది పూర్తిగా అర్థం కావాలి. చివరిదాకా విన్నవాళ్లకి అదే వాక్యం, చివరి మాటకి కొనసాగింపుగా వినబడాలి. ఈ రెండోది కుదరాలని మొదటిది పాడుచేసుకుంటే అసలుకే మోసం వస్తుంది. “అందువల్లే ఇలా చెయ్యకూడదు” అని మొదలయ్యే వీడియో లూప్‌కి చక్కగా కుదురుతుంది. కానీ అప్పుడే తెరిచినవాళ్లకి దేనివల్లో తెలియదు, ఏం చెయ్యకూడదో తెలియదు. వాళ్లు తోసుకుంటూ పోతారు.

ఇక్కడ తెలుగు వాక్యం మనకి కలిసొస్తుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. కారణం, షరతు, విశేషణం అన్నీ ముందే వచ్చేస్తాయి. “వర్షం పడితే” అని ఎవరైనా ఆగితే వినేవాళ్ల చెవి తరవాతి మాట కోసం తనంతట తనే ఎదురుచూస్తుంది. కాబట్టి షరతుని వీడియో చివర పెట్టి, దాని ఫలితాన్ని మొదట పెడితే అతుకు దానంతట అదే పడుతుంది. విశేషణంతో ఇంకా బిగువుగా కుదురుతుంది. ఒక వీడియో “ఇడ్లీ బండి ఇవాళ మూతపడింది” అని మొదలైందనుకోండి. అది పూర్తి వాక్యం, వినగానే ఏమైందో తెలుసుకోవాలనిపిస్తుంది. లోపల ఆ బండి నడిపిన దంపతుల కథ నడుస్తుంది. చివర “నలభై ఏళ్లుగా తెల్లారకముందే మా వీధిని నిద్రలేపిన ఆ” అని ఆగుతుంది. వెంటనే మొదటి వాక్యం వచ్చి చేరుతుంది. మొదటిసారి కబురుగా విన్న మాట రెండోసారి మనసుకి తగులుతుంది.

మూడో దారి ఎవరో అన్న మాటతో మొదలుపెట్టడం. “ఈ ఇంట్లో నేను ఒక్కరాత్రి కూడా పడుకోలేదు” అని ఒక గొంతు వినిపిస్తుంది. ఎవరో, ఎందుకో తెలియదు. వీడియోలో పునాది దగ్గరనుంచి గోడలు లేచేదాకా ఒక ఇల్లు కట్టడం చూస్తాం. చివర “గృహప్రవేశం రోజున తాళాలు చేతికిస్తూ మేస్త్రీ అన్న మాట ఒక్కటే” అని వినబడగానే ఆ మొదటి మాట మళ్లీ మోగుతుంది. మొదటిసారి దయ్యాల కథేమో అనిపించిన వాక్యం రెండోసారి మేస్త్రీ నోటి మాట అవుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే. ఇందులో చూసేవాళ్లు పొరపాటున కాకుండా కావాలనే రెండోసారి వింటారు. చివర “అందుకే” అనో “ఎందుకంటే” అనో అతికించడం అన్నిటికంటే సులువు. ఎన్నో వీడియోల్లో వచ్చి అరిగిపోయింది కూడా. ఆ మాట వినగానే లూప్ అని పట్టేసేవాళ్లు ఇప్పుడు చాలామంది.

ఒక చిన్న వంటింటి వీడియోని మొదటినుంచి కట్టి చూద్దాం. విషయం ఆవకాయ జాడీలో బూజు రాకుండా చూసుకోవడం, నిడివి 24 సెకన్లు. మామూలుగా రాస్తే “హాయ్ అండీ, ఈరోజు ఆవకాయ ఎలా నిలవ ఉంచుకోవాలో చూద్దాం” అని మొదలై, మధ్యలో నాలుగు సంగతులు చెప్పి, “నచ్చితే లైక్ చెయ్యండి” అని ముగుస్తుంది. దాన్ని ఇలా మార్చవచ్చు:

“తడి గరిటె ఆవకాయ జాడీలో పెట్టకండి. ఆవకాయని కాపాడేది ఉప్పు, పైన తేలే నూనె. నీటిచుక్క పడితే అక్కడ ఉప్పు పలచబడుతుంది, బూజుకి చోటు దొరుకుతుంది. గరిటె కడిగాక పొడిగుడ్డతో తుడిచి కాసేపు ఎండలో ఉంచండి. కావలసినంత తీసుకున్నాక మిగిలిన ముక్కల్ని నూనెలోకి అణచండి. నూనె తగ్గితే ముక్కలు మునిగేలా నువ్వుల నూనె పోయండి. వచ్చే వేసవి దాకా ఈ జాడీ ఇలాగే ఉండాలంటే…”

తీరిగ్గా చదివితే ఇది 24 సెకన్లకి సరిపోతుంది. చివరి వాక్యం షరతు, మొదటి వాక్యం దానికి జవాబు. ఇంకో సంగతి కూడా గమనించాలి. అతుకు దగ్గరికి వచ్చేసరికి చెప్పాల్సిందంతా చెప్పేశాం. కారణం చెప్పాం, ఏం చెయ్యాలో చెప్పాం. ఒక్కసారి మాత్రమే చూసి వెళ్లిపోయేవాళ్లకి కూడా ఏదీ తక్కువ కాలేదు. జవాబు దాచిపెట్టి, అది మొదట్లో ఉందేమోనని వెనక్కి పంపించే వీడియోలు ఉన్నాయి. వాటిని లూప్ అనడం నాకు ఇష్టం లేదు. అలా ఒకసారి మోసపోయినవాళ్లు ఆ పేజీ పేరు గుర్తుపెట్టుకుని తప్పించుకుంటారు.

మొదటి వాక్యంలో మాటల వరస కూడా ఊరికే పెట్టింది కాదు. ముందుగా నోటికి వచ్చేది “ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకండి” అన్న వరస. కానీ అప్పుడు అతుకు “ఉండాలంటే ఆవకాయ” అవుతుంది. ఏకారం ముగిసీ ముగియకముందే ఆకారం అందుకుంటుంది. రెండు అచ్చుల మధ్య గొంతు ఎక్కడా ఆగదు, ఒకటి ఇంకొకదానిలోకి జారిపోతుంది. అక్కడ కత్తిరిస్తే చిటుక్కుమనే శబ్దమో, మాట తెగినట్టో వినబడుతుంది. “తడి” అని మొదలైతే ఆ బాధ లేదు. త అనాలంటే నాలుక పళ్లకి ఆని గాలిని ఒక్క క్షణం ఆపాలి. ఆ రెప్పపాటు నిశ్శబ్దమే కత్తెర పెట్టడానికి సరైన చోటు. క, ట, ప లాంటి అక్షరాలతో మొదలైనా ఇదే సౌకర్యం. కొన్ని ఫోన్లలో వీడియో తిరిగి మొదలయ్యేటప్పుడు చిన్న ఖాళీ పడుతుంది. అది కూడా ఈ అక్షరాల చాటున కలిసిపోతుంది. తడి అన్న మాట ముందుకి రావడంతో హెచ్చరిక కూడా సూటిగా తగిలింది.

గొంతు సంగతి దీనికంటే కష్టం. వాక్యం చివర మన గొంతు సహజంగా కిందికి దిగుతుంది. వీడియో చివరికొచ్చామని తెలిసినవాళ్ల గొంతు ఇంకా దిగుతుంది, వేగం కూడా తగ్గుతుంది. రాతలో ఎంత చక్కగా కలిసినా, దిగిన గొంతు అయిపోయిందని చెప్పేస్తుంది. దీనికి ఎడిటింగ్ చేసేవాళ్లు వాడే ఉపాయం ఒకటుంది. చివరి వాక్యాన్నీ మొదటి వాక్యాన్నీ విడివిడిగా రికార్డు చెయ్యరు. “వచ్చే వేసవి దాకా ఈ జాడీ ఇలాగే ఉండాలంటే తడి గరిటె ఆవకాయ జాడీలో పెట్టకండి” అని ఒకే ఊపిరిలో, ఒకే వాక్యంగా చదువుతారు. తరవాత “తడి” ముందు కోసి, వెనక ముక్కని తెచ్చి వీడియో మొదట్లో పెడతారు. ముందు ముక్క చివర ఉంటుంది. వీడియో తిరిగినప్పుడు ఆ రెండు ముక్కలూ అసలు పుట్టినట్టే కలుస్తాయి. అయితే ఇలా చదివితే మొదటి వాక్యం చల్లగా, వాక్యం తోకలా వినబడే ప్రమాదం ఉంది. వీడియో తెరవగానే వినబడే మాట అది, దానికి జీవం కావాలి. అందుకని అదే వాక్యాన్ని నాలుగైదు సార్లు చదివి, “తడి” మీద ఒత్తు పడినదాన్ని ఎంచుకోవాలి.

మాట వెనక ఉన్న శబ్దాలు కూడా కలవాలి. వంటింట్లో ఫ్యాన్ హోరు మొదటి ముక్కలో ఉండి చివరి ముక్కలో లేకపోతే, అతుకు దగ్గర గది మారినట్టు అనిపిస్తుంది. ఎవరూ మాట్లాడని ఆ గది శబ్దాన్ని కాసేపు రికార్డు చేసి వీడియో పొడుగునా అడుగున పరిస్తే ఆ తేడా పోతుంది. సంగీతం పెడితే నిడివి లెక్క చూసుకోవాలి. నిమిషానికి 100 దెబ్బల లయలో నాలుగు దెబ్బల ఆవర్తం 2.4 సెకన్లు. పది ఆవర్తాలకి సరిగ్గా 24 సెకన్లు. వీడియో అక్కడ ముగిస్తే తరవాతి దెబ్బ మొదటి ఫ్రేము మీద పడుతుంది. 25 సెకన్లకి ముగిస్తే తాళం తప్పుతుంది. సంగీతం తెలియనివాళ్లకి కూడా ఏదో తేడా కొట్టిందని అర్థమవుతుంది. చివర సంగీతాన్ని మెల్లగా తగ్గించడం, తెరని నల్లబరచడం రెండూ వద్దు. ఆ రెండూ తెర దించడమే.

చూపు దగ్గర మా ఆవకాయ వీడియోకి పెద్ద శ్రమ లేదు. ఫోన్‌ని స్టాండు మీద కదలకుండా బిగించి, జాడీ మూతికి పైనుంచి తీస్తాం. చివరి దృశ్యంలో ముక్కల్ని అణచిన గరిటె పైకి లేచి జాడీ మీద ఆగుతుంది. మొదటి దృశ్యంలో అదే చోట, అదే కోణంలో గరిటె లోపలికి దిగబోతూ ఉంటుంది. రెండిటినీ ఒకే వెలుగులో, వెంటవెంటనే తియ్యాలి. కిటికీ ఎండ పావుగంటలో మారిపోతుంది. ఒక్క తేడా మాత్రం కావాలని ఉంచుతాం. మొదటి దృశ్యంలో గరిటె కొసన ఒక నీటిచుక్క వేలాడుతూ ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లు మాట వింటూ దాన్ని అంతగా గమనించరు. నీటిచుక్క కథ విన్నాక రెండో చుట్టులో వాళ్ల కన్ను తిన్నగా దాని మీదకే పోతుంది. అతుకు వాళ్లని రెండో చుట్టులోకి తెచ్చింది. అక్కడ నిలబెట్టేది ఈ చుక్క. రెండోసారి చూడటానికి ఏదీ మిగల్చని వీడియోలో, ఎంత నున్నటి అతుకైనా రెండు మూడు సెకన్లకి మించి ఎవరినీ పట్టి ఉంచలేదు.

తెర మీద అక్షరాలు వేసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. వీడియో మొదట్లో పేరుపలక వేస్తే, అతుకు దగ్గర అది అడ్డుగోడలా వచ్చి నిలుస్తుంది. పేరు కావాలంటే కవర్ బొమ్మ మీద పెట్టుకోవచ్చు. సంబోధన కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి. చివర “నువ్వు” అని చనువుగా మాట్లాడి మొదట “పెట్టకండి” అంటే, ఇద్దరు మనుషులు మాట్లాడినట్టు ఉంటుంది. అతుకు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి, టైమ్‌లైన్ మీద వీడియోని రెండుసార్లు వరసగా పెట్టి ముందు కళ్లు మూసుకుని వినండి, తరవాత శబ్దం తీసేసి చూడండి. పరీక్ష అయ్యాక రెండో కాపీ తీసెయ్యడం మరిచిపోకూడదు.

ఇంత చేస్తే ఎంత లాభం? ఊహకి ఒక లెక్క వేద్దాం. 24 సెకన్ల వీడియోని 100 మంది తెరిచారు. 40 మంది 3 సెకన్లకే వెళ్లిపోయారు. 20 మంది సగం దాకా, అంటే 12 సెకన్లు చూశారు. మిగిలిన 40 మంది చివరిదాకా ఉన్నారు. సగటు చూస్తే మనిషికి 13.2 సెకన్లు, నిడివిలో 55 శాతం. ఇప్పుడు మంచి లూప్ పెట్టాం. చివరిదాకా వచ్చిన 40 మందిలో 16 మంది ఇంకో 6 సెకన్లు ఉన్నారనుకుందాం. సగటు 59 శాతానికి చేరింది. లూప్ జోలికి పోకుండా మొదటి వాక్యాన్నే బాగుచేశామనుకోండి. 3 సెకన్లకే వెళ్లేవాళ్లు 40 నుంచి 25కి తగ్గి, మిగతావాళ్లు పాత పాళ్లలోనే చూస్తే సగటు 66 శాతం దగ్గరికి పోతుంది. లూప్ అందేది చివరిదాకా వచ్చినవాళ్లకే. దారిలో దిగిపోయినవాళ్లకి అది ఉందని కూడా తెలియదు. కాబట్టి మొదటి వాక్యం, మధ్య భాగం నిలబడ్డాకే అతుకు మీద శ్రమ పెట్టాలి. చివరిదాకా వచ్చేవాళ్లు ఎక్కువగా ఉన్న వీడియోల్లో మాత్రం, లూప్ సగటుని 100 శాతం దాటించగలదు కూడా.

వ్యూస్ అంకెని చూసి మురిసిపోయే ముందు ఇంకో సంగతి తెలియాలి. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో మొదలైనా, తిరిగి మొదలైనా ఒక వ్యూ కింద లెక్క పడుతోంది. ఇంతసేపు చూడాలన్న నియమం లేదు. కాబట్టి అతుకు దాటి అర సెకను ఉన్నా పైన కనబడే అంకె పెరుగుతుంది. కానీ డబ్బుకీ, భాగస్వామ్య కార్యక్రమంలో అర్హతకీ యూట్యూబ్ చూసేది ‘ఎంగేజ్డ్ వ్యూస్’ అనే వేరే లెక్క. అందులో పాత పద్ధతే నడుస్తోంది. ఇన్‌స్టాగ్రామ్ చూపించే వ్యూస్‌లో కూడా మళ్లీ చూసినవి కలిసే ఉంటాయి. అందుకని వ్యూస్ కంటే సగటున ఎంతసేపు చూశారన్నదే నమ్మదగిన గుర్తు.

దానికంటే ఎక్కువ చెప్పేది, చూసినవాళ్లు ఏ క్షణంలో ఎంతమంది ఉన్నారో చూపించే గీత. మళ్లీ చూసినవాళ్లు కూడా కలుస్తారు కాబట్టి, లూప్ పనిచేసిన వీడియోలో ఈ గీత 100 శాతానికి పైన మొదలవుతుంది. ఆ ఎత్తు మెల్లగా తగ్గుతూ వస్తే రెండోసారి కావాలని చూశారని అర్థం. మొదటి రెండు సెకన్లు ఎత్తుగా ఉండి ఒక్కసారిగా పడిపోతే, తిరిగి మొదలైందని తెలియగానే వెళ్లిపోయారన్నమాట. అతుకు కుదిరింది గానీ రెండో చుట్టులో చూడటానికేం లేదు. అప్పుడు ఆ నీటిచుక్క లాంటిది ఏదైనా మొదటి దృశ్యంలోకి తేవాలి. చివరి మూడు సెకన్ల దగ్గరే గీత దిగిపోతే, ముగింపు వస్తోందని జనం ముందే పసిగట్టారు. అక్కడ గొంతు దిగిందో, సంగీతం తగ్గిందో వెతకాలి.

కొన్ని విషయాలకి లూప్ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మందు ఎంత మోతాదులో వేసుకోవాలో చెప్పే వీడియో, పాము కరిస్తే ఏం చెయ్యాలో చెప్పే వీడియో, పొలంలో పురుగుమందు కలిపే కొలత చెప్పే వీడియో అలాంటివి. అక్కడ చివరి మాట తరచుగా ముఖ్యమైన జాగ్రత్త అయి ఉంటుంది. దాన్ని వాక్యం మధ్యలో వదిలేస్తే, మొదటి వాక్యం దాని మీద పడి దాన్ని మింగేస్తుంది. వాటికి క్రియతో వాక్యం పూర్తి చేసి, కొలతని తెర మీద రెండు సెకన్లు కదలకుండా ఉంచి, శబ్దం ఆపెయ్యాలి. కావలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే మళ్లీ చూస్తారు, ఫోన్‌లో దాచుకుంటారు.